స్ప్లిట్ కీబోర్డ్, టెంటింగ్: మణికట్టు నొప్పి నిజంగా తగ్గిందా? వాడినవాళ్లు చెప్పండి

కిరణ్_బ్యాకెండ్
రోజంతా కోడ్ రాసే పని నాది. సాయంత్రమయ్యేసరికి రెండు మణికట్లూ చిటికెన వేలి వైపు లాగేస్తున్నాయి, కుడిచేతికి ఎక్కువ. ఒక స్నేహితుడు తన దగ్గరున్న రెండు ముక్కల కీబోర్డ్ కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చాడు. లోపలి అంచులు లేపడానికి, అదే టెంటింగ్‌కి, కాళ్లున్నాయి, 30 డిగ్రీల దాకా లేస్తాయి. ఎంత లేపితే అంత మంచిదని అతనంటే పూర్తిగా లేపి పెట్టాను. పక్కకి లాగడం తగ్గింది. కానీ ఇప్పుడు చేతి వెనక వైపు, మణికట్టు పైభాగంలో కొత్తగా బిగుసుకుపోతోంది. మూడు ప్రశ్నలు. ఇవి నిజంగా పని చేస్తాయా? టెంట్ ఎంత పెట్టాలి? పాత టైపింగ్ వేగం ఎప్పటికి తిరిగొస్తుంది?

సుబ్బు_కీస్
అలవాటు పడలేదు తమ్ముడూ, అంతే. ఏళ్ల తరబడి అరచేతులు బోర్లా పెట్టి టైప్ చేశావు, కండరాలు కొత్త భంగిమకి మారాలి కదా. నేను సొంతంగా సోల్డర్ చేసుకున్న బోర్డులే వాడతాను, ఇక్కడ చాలామందికి సెటప్ చేసిచ్చాను కూడా. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు చెయ్యి ఎలా ఉంటుందో దానికి ఎంత దగ్గరగా ఉంటే ముంజేతికి అంత హాయి. 30 తగ్గించకు. ఇంకో మాట, అడ్డ వరుసలు జరిగి ఉండే పాత అమరిక కాకుండా నిలువు వరుసల అమరిక ఉన్నది తీసుకో. అసలు తేడా అక్కడ తెలుస్తుంది.

మధు_డేటా
డబ్బు పెట్టేముందు ఆధారాలు చూడండి. మణికట్టు సొరంగంలో నరం నొక్కుకుపోయే కార్పల్ టనెల్ జబ్బుకి ఎర్గోనామిక్ పరికరాల మీద, అధ్యయనాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2012లో వచ్చింది. ఇవి మేలు చేస్తాయనో కీడు చేస్తాయనో చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. అంటే పని చేయవన్నమాట. గంటకోసారి లేచి తిరగండి, మామూలు కీబోర్డే చాలు.

లత_ఎస్
నాకు మణికట్టు కాదు, బొటనవేలి మొదట్లో నొప్పి. స్ప్లిట్ కొన్నాకే మొదలైంది! బొటనవేళ్ల దగ్గర గుత్తిగా కీలుంటాయి చూడండి, వాటిలో చివరిదానికి బ్యాక్‌స్పేస్ పెట్టి వచ్చింది. రోజుకి ఎన్నిసార్లు నొక్కుతామో ఆలోచించండి. ప్రతిసారీ బొటనవేలు అరచేతి కిందకి ముడుచుకోవాలి. డాక్టర్ పిడికిలి బిగించి చెయ్యి కిందకి వంచమంటే ప్రాణం పోయింది. కిరణ్ గారూ, మీ దానికి ఆ గుత్తి ఉందా?

సుబ్బు_కీస్
లత గారూ, అన్ని వేళ్లలో బలమైనది బొటనవేలే. మామూలు కీబోర్డ్‌లో దానికి స్పేస్ తప్ప వేరే పని ఉండదు. చిటికెన వేలి భారాన్ని దానికి ఇవ్వడమే ఈ డిజైన్ల గొప్పతనం.

లత_ఎస్
బలమైనదే. కిందకి నొక్కడానికి. లోపలికి ముడిచి, చాచి, మళ్లీ ముడవడానికి కాదు. బ్యాక్‌స్పేస్‌ని వేలు సహజంగా ఆనే దగ్గరి కీకి మార్చుకున్నాకే నాకు తగ్గుముఖం పట్టింది. నొప్పి నాది, మీరు కాదంటే ఎలా?

రేవతి_ఫిజియో
ముందు మధు గారికి. "ఆధారాలు చాలవు" అంటే "పని చేయదు" అని కాదు. పైగా ఆ సమీక్ష కార్పల్ టనెల్ వచ్చినవాళ్లకి చికిత్సగా పని చేస్తుందా అని చూసింది. కిరణ్ గారు చెప్పిన నొప్పి అది కాకపోవచ్చు. 1999లో వచ్చిన అధ్యయనం ఒకటుంది, చేతి నొప్పులున్న 80 మందికి నాలుగు రకాల కీబోర్డులు పంచి ఆరు నెలలు చూశారు. మధ్యలో చీల్చి కాస్త గుబ్బగా చేసిన మైక్రోసాఫ్ట్ నేచురల్ వాడినవాళ్లు నొప్పి తగ్గుతోందన్నారు. కానీ డాక్టర్లు పరీక్ష చేస్తే కనిపించే లక్షణాల్లో దానికి తగ్గ మార్పు లేదు. నా దగ్గరకొచ్చేవాళ్లలో నేను చూసేదీ దాదాపు ఇదే. హాయిగా ఉంటుంది, జబ్బు నయం కాదు.

ఇక కిరణ్ గారి విషయం. మామూలు కీబోర్డ్ మీద మణికట్టుకి వచ్చే ఇబ్బందులు వేర్వేరు. చేతులు దగ్గరకి తేవడం వల్ల చిటికెన వేలి వైపు వంగుతుంది. దీన్ని తగ్గించేది రెండు ముక్కల మధ్య దూరం, టెంట్ కాదు. అరచెయ్యి పూర్తిగా బోర్లించడం వల్ల ముంజెయ్యి మెలిపడుతుంది. దాన్ని తగ్గించేది టెంట్. చెయ్యి వెనక్కి, అంటే పైకి వంగడం మూడోది. కార్పల్ టనెల్ లోపల ఒత్తిడి పెంచే వాటిలో ఇదొకటి. టెంట్ దీన్ని తగ్గించదు సరికదా, పెంచగలదు కూడా. మీకు జరిగింది అదేననుకుంటున్నాను.

లెక్క చూడండి. ఒక్కో ముక్క సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, 30 డిగ్రీలకి లోపలి అంచు ఏడున్నర సెంటీమీటర్లు లేస్తుంది. 10 డిగ్రీలకైతే రెండున్నర పైచిలుకు. చూపుడు వేళ్లు ఉండేది ఆ లోపలి అంచు దగ్గరే. బల్ల ఎత్తు మారలేదు, కుర్చీ మారలేదు, మోచెయ్యి ఉన్నచోటే ఉంది. అంత ఎత్తుకి వేళ్లు చేరాలంటే భుజమైనా లేవాలి, మణికట్టయినా వెనక్కి వంగాలి. చేతి వెనక బిగుతు అక్కడిదే. మీరు అరచేతులు బల్లకి ఆనించి టైప్ చేస్తున్నారా? కీబోర్డ్ వెనక అంచు కింది కాళ్లు కూడా లేపి ఉన్నాయా?

కిరణ్_బ్యాకెండ్
అరచేతి కింద ఒక ప్యాడ్ ఉంది మేడమ్, బల్లకి అంటుకుని చదునుగా. వెనక కాళ్లు కూడా లేపే ఉన్నాయి, కీలు బాగా కనిపిస్తాయని.

రేవతి_ఫిజియో
అయితే ఇలా చేయండి. వెనక కాళ్లు ముందు మడిచేయండి. టెంట్ 10కి దించండి. రెండు ముక్కలనీ ముంజేతులు భుజాల నుంచి తిన్నగా వచ్చేంత దూరం జరపండి. కుర్చీని, మోచెయ్యి మధ్య వరుస కీల ఎత్తుకి వచ్చేదాకా లేపండి. కాళ్లు నేలకి అందకపోతే కింద ఏదైనా పెట్టుకోండి. ప్యాడ్ టైప్ చేయడం ఆపినప్పుడు ఆనుకోవడానికే. ఆనించి టైప్ చేస్తే మణికట్టు కింద అతుక్కుపోయి వేళ్లు పైకి ఎగబాకాల్సి వస్తుంది.

తర్వాత ఎవరినైనా పక్క నుంచీ పై నుంచీ వీడియో తీయమనండి. పని మధ్యలో, మీరు గమనించనప్పుడు. ఫోటో తీస్తున్నారని తెలిస్తే అందరూ చెయ్యి సర్దేసుకుంటారు. పక్క నుంచి చూస్తే చేతి వెనక భాగం, ముంజెయ్యి ఒకే గీతలో ఉండాలి. పై నుంచి చూస్తే నడిమి వేలు ముంజేతి మధ్య గీతకి సూటిగా ఉండాలి. అప్పుడు టెంట్ కొంచెం కొంచెం పెంచుతూ, పక్క గీత విరిగే చోట ఆగిపోండి. మీ కోణం అదే. అందరికీ పనికొచ్చే అంకె లేదు.

వెంకట్_టైపింగ్
అసలు సమస్య వేళ్ల క్రమం. నేను టైపింగ్ నేర్పాను, కాబట్టి చెబుతున్నాను. ఈ కాలం పిల్లలు బి కీని కుడి చూపుడు వేలితో కొడతారు. స్ప్లిట్‌లో బి ఎడమ ముక్క మీద ఉంటుంది. కుడిచెయ్యి గాల్లో తడుముకుంటుంది, అందుకే వేగం పడిపోతుంది. పద్ధతిగా నేర్చుకున్నవాడికి ఈ బాధే ఉండదు.

భార్గవి_ఎడిటర్
అది పద్ధతి కాదని ఎవరన్నారు? స్కేలు పెట్టి కొలవండి. మామూలు కీబోర్డ్‌లో ఎఫ్ నుంచి బికి, జె నుంచి బికి దూరం సమానం. వరుసలు జరిగి ఉండటం వల్ల సరిగ్గా మధ్యలో పడుతుంది. కుడిచేత్తో కొట్టేవాళ్లని తప్పుపట్టడానికి ఏ కారణమూ లేదు. 6 సంగతి ఇంకా చూడండి. దాన్ని కుడిచేత్తో కొట్టమని నేర్పుతారు, కొలిస్తే అది ఎడమచేతికే దగ్గర!

వెంకట్_టైపింగ్
దూరం ఒక్కటే చూస్తారా? ఎడమ, కుడి మారుతూ కొట్టాలనే లయ ఉంటుంది. ఎన్నో తరాలు అలా నేర్చుకున్నాయి. మీ వీలు కోసం నియమం మార్చలేం.

భార్గవి_ఎడిటర్
నియమం చేతి కోసమా, చెయ్యి నియమం కోసమా? ఎడమ చూపుడు వేలు బి కోసం చాచినప్పుడల్లా నా మణికట్టు పక్కకి తిరుగుతుంది. కుడిచేత్తో కొడితే తిరగదు. మీరు నేర్పిన పద్ధతి వల్లే కొందరికి నొప్పులు వచ్చి ఉండొచ్చు కూడా.

వెంకట్_టైపింగ్
ఆ మాట వెనక్కి తీసుకోండి. నా దగ్గర నేర్చుకున్న ఒక్కరికీ నొప్పి రాలేదు.

సుబ్బు_కీస్
ఇద్దరూ ఆగండి. కుడి ముక్క లోపలి అంచున అదనపు కీ ఉన్న బోర్డులున్నాయి. ఫర్మ్‌వేర్‌లో దానికి కూడా బి ఇచ్చేస్తే రెండు చేతుల్లో ఏదైనా సరే. కిరణ్, నీ బోర్డ్ మోడల్ పేరు పెట్టు, నేను చూస్తాను. రేవతి గారూ, 10 డిగ్రీలంటే టెంట్ పెట్టీ పెట్టనట్టే. నాకు 40 దాకా ఉంది, ఏ బాధా లేదు.

రేవతి_ఫిజియో
మీ బల్ల ఎంత ఎత్తు, సుబ్బు గారూ?

సుబ్బు_కీస్
బల్ల మీద కాదు. కుర్చీ చేతులకి బిగించాను, ఒక్కో ముక్క ఒక్కో వైపు.

రేవతి_ఫిజియో
అదీ సంగతి. కీలు మీ మోచేతి ఎత్తులోనే ఉన్నాయి. బల్ల మీద పెట్టుకునేవాళ్లకి అదే 40 చెప్తే చెయ్యి పాడవుతుంది. దయచేసి మీ అంకెని అందరికీ చెప్పకండి.

మధు_డేటా
రేవతి గారూ, "జబ్బు నయం కాదు" అని మీరే అన్నారు. మరి కొనమని ఎందుకు చెప్తున్నట్టు? హాయి అనేది కొత్త వస్తువు కొన్నామన్న తృప్తి కూడా కావచ్చు కదా.

రేవతి_ఫిజియో
ఎవరినీ కొనమనలేదు. ఆయన దగ్గర ఇప్పటికే ఉంది. తృప్తి వల్ల కూడా కావచ్చన్న మీ అనుమానం నేను కొట్టిపారేయను, ఏ కీబోర్డ్ వాడుతున్నారో వాడేవాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది కదా. అయితే స్ప్లిట్ వల్ల మణికట్టు పక్కకి వంగడం తగ్గుతుందన్నది కొలిచి చూపించిన విషయం. ఆ వంపు తగ్గితే నొప్పి ఎంత తగ్గుతుందన్నదే తేలనిది.

కిరణ్ గారూ, ఒకటి అడగడం మరిచాను. తిమ్మిరి ఉందా? బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారి రాత్రి నిద్రలో లేపుతుంటే కీబోర్డ్ మార్చుకుంటూ కూర్చోకండి, నరాల పరీక్ష చేయించుకోండి. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే మోచెయ్యి చూపించుకోవాలి, దాన్ని కుర్చీ చేతికి నొక్కిపెట్టే అలవాటుందేమో చూసుకోండి.

కిరణ్_బ్యాకెండ్
తిమ్మిరి లేదు మేడమ్. మీరు చెప్పినట్టు మార్చి వీడియో తీయించాను. పాత అమరికలో చెయ్యి వెనక్కి బాగా విరిగి ఉంది, నాకు అసలు తెలియనేలేదు. ఇప్పుడు గీత దాదాపు తిన్నగా వస్తోంది, చేతి వెనక బిగుతు తగ్గింది. 15 దగ్గర బాగానే ఉంది, 20కి పెంచగానే మళ్లీ వంగింది. ఎడమచెయ్యి పూర్తిగా హాయి. కుడిచేతికి మాత్రం చిటికెన వేలి వైపు లాగుడు మళ్లీ కొంచెం కనిపిస్తోంది, అదీ కోడ్ రాసేటప్పుడు కంటే ఏదైనా చదివేటప్పుడే ఎక్కువ. వేగం సంగతి ఎవరూ చెప్పలేదు.

లత_ఎస్
చదివేటప్పుడంటే మౌస్! ముక్కలు దూరం జరిపారు కాబట్టి మౌస్ ఇంకా కుడివైపుకి వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని రెండు ముక్కల మధ్యలో పెట్టి చూడండి. నేను అలాగే పెట్టుకున్నాను.

భార్గవి_ఎడిటర్
వేగం: పాత కీబోర్డ్ మధ్యమధ్యలో వాడకపోతే త్వరగా వస్తుంది. బి మాత్రం ఎటు కొట్టాలో మీ చేతినే అడగండి.

వెంకట్_టైపింగ్
ఎడమచేత్తో.