అప్‌డేట్: ఫిజికల్ డైరెక్టర్ ఇంటర్వ్యూకి కోచింగ్ ఫిలాసఫీ

నా ప్రశ్న: "డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ ఇంటర్వ్యూకి కోచింగ్ ఫిలాసఫీ ఒక పేజీ రాసివ్వమన్నారు, ఏం రాయాలి?"

ఇంటర్వ్యూ అయింది. మీరన్నట్టే క్రమశిక్షణ, క్రీడాస్ఫూర్తి లాంటి మాటలు తీసేసి, ఆటలో నిర్ణయం ఆటగాడే తీసుకోవాలన్న ఒక్క నమ్మకం రాసి, దాన్ని కబడ్డీలో చూపించాను. రైడర్‌కి ఉండేది 30 సెకన్లే, ఎదుట కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్, అందుకే ప్రాక్టీసులో డిఫెండర్లను ఒకసారి ఏడుగురిని, ఒకసారి ఐదుగురిని పెట్టి, బయట నుంచి అరవకుండా, రైడ్ అయ్యాక "బోనస్‌కి ఎందుకు వెళ్లావు?" అని మాత్రం అడుగుతానని రాశాను. బోర్డులో ఒక సార్ వెంటనే పట్టుకున్నారు, "మ్యాచ్‌లో ఓడిపోతున్నా ఇలాగే ఊరుకుంటావా?" అని. టైమ్ అవుట్‌లో ఒక్క సూచనే ఇస్తాను, ఎక్కువ చెబితే రైడర్ తికమకపడతాడు అన్నాను. తర్వాత ప్రశ్నలన్నీ ఆ పేరా మీదే. రిజల్ట్ ఇంకా రాలేదు.