«అనుబంధ సంస్థ» అంటే పెత్తనమా, పలుకుబడా?

వార్తలడెస్క్: పొద్దుట్నుంచీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయానండీ. కంపెనీ ఫలితాల ప్రకటనలో సబ్సిడియరీలు, అసోసియేట్లు అని వేర్వేరుగా ఉంది. మా డెస్కులో అలవాటు కొద్దీ రెండింటికీ అనుబంధ సంస్థలు అనే వేస్తాం. ఇవాళ రెండూ పక్కపక్కనే వచ్చేసరికి «అనుబంధ సంస్థలు, అనుబంధ సంస్థల లాభాల్లో వాటా» అని తయారైంది, చదివితే నాకే నవ్వొచ్చింది. విడదీసే మాటలు చెప్పండి.

పదాలపిచ్చి: సబ్సిడియరీకి అనుబంధ సంస్థ ఉంచేసి, అసోసియేట్‌ను సహచర సంస్థ అనండి. తేడా శాతంలోనే కదా. 20 నుంచి 50 లోపు వాటా ఉంటే సహచర, 50 దాటితే అనుబంధ. అనుబంధమైతే మన వాటా ఎంతో అంత మేరకు వాళ్ల లెక్కలు మన లెక్కల్లో కలుపుతాం, దాన్నే ఏకీకరణ అంటారు.

షేర్లమామ: ఏకీకరణ అంటే విలీనమే కదా? నా దగ్గర ఒక కంపెనీ షేర్లున్నాయి, మొన్న «ఏకీకృత లాభం» అని వార్త వచ్చింది. కొత్త కంపెనీ షేర్లు ఎప్పుడు జమ అవుతాయో ఎవరికైనా తెలుసా?

వార్తలడెస్క్: రావు మామా. అక్కడ ఏ కంపెనీ ఎందులోనూ కలవలేదు, కాగితం మీద లెక్కలు కలిపి చూపించారంతే. రెండు కంపెనీలూ ఎవరి పేరుతో వాళ్లు, ఎవరి అప్పులతో వాళ్లు ఉంటారు.

చిట్టాపద్దు: పదాలపిచ్చి గారూ, మీ మాటలు బాగున్నాయి కానీ లెక్క సగమే సరి. 60 శాతం వాటా ఉంటే 60 శాతం కలపరు, మొత్తం 100 కలుపుతారు. అమ్మకాలు, ఖర్చులు, ఆస్తులు, అప్పులు, ప్రతి వరుసలోనూ పూర్తిగా. ఆ తర్వాత కింద, ఇందులో బయటివాళ్లది ఇంత అని విడిగా చూపిస్తారు. శాతం కూడా ఆనవాలే గానీ అసలు ప్రశ్న కాదు. అసలు ప్రశ్న ఆ కంపెనీలో మీది పెత్తనమా, పలుకుబడా అన్నది. మీరు చెప్పినట్టు జరగాల్సిందే అనేది పెత్తనం. మీ మాట వింటారు, బోర్డులో మీకొక కుర్చీ ఉంటుంది, కానీ ఆఖరి నిర్ణయం మీది కాదు, అది పలుకుబడి. నా మటుకు నాకు ఇంగ్లిషు మాటలకంటే ఈ రెండే బాగా అర్థమవుతాయి.

సందేహంనాదే: 50 లోపు వాటాతో పెత్తనం ఎలా వస్తుందండీ?

చిట్టాపద్దు: మిగతా వాటా ఎవరి చేతుల్లో ఉందో చూడండి. ఏకీకరణ గురించి చెప్పే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 10లోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకరికి 48 శాతం ఓట్లు, మిగతావి వేలమంది దగ్గర, వాళ్లలో ఏ ఒక్కరికీ 1 శాతం మించి లేదు, వాళ్లు కలిసి నిర్ణయాలు తీసుకునే ఏర్పాటూ లేదు. అప్పుడు ఆ 48 వాడిదే పెత్తనం. దీనికి వెనక పెద్ద చరిత్రే ఉంది. కోకకోలా 1986లో బాట్లింగ్ వ్యాపారంలో పెద్ద భాగాన్ని కోకకోలా ఎంటర్‌ప్రైజెస్ అని వేరు కంపెనీగా పెట్టి తన దగ్గర 49 శాతం ఉంచుకుంది. ఫ్యాక్టరీలు, లారీలు, వాటి అప్పులు ఇక తన బ్యాలెన్స్ షీట్ మీద కనిపించవు. 49 అనే అంకె ఊరికే రాలేదు.

ఈ తేడా ఎంత పెద్దదో చిన్న లెక్కలో చూడండి. మన కంపెనీ సొంత అమ్మకాలు 1000, పన్ను పోగా లాభం 200, అప్పు 600. ఇంకో కంపెనీలో మనకు 40 శాతం. దాని అమ్మకాలు 500, లాభం 100, అప్పు 500. ఒకరితో ఒకరికి వ్యాపారం లేదు.

పలుకుబడే అనుకుంటే ఈక్విటీ పద్ధతి. అమ్మకాలు 1000 దగ్గరే ఉంటాయి, అప్పు 600 దగ్గరే. కింద ఒక్క వరుస చేరుతుంది, లాభంలో వాటా 40. మొత్తం లాభం 240.

పెత్తనం అనుకుంటే అమ్మకాలు 1500, అప్పు 1100, లాభం 300. అందులో బయటివాళ్లది 60 తీస్తే మన వాటాదారులకు 240. లాభం అదే, కానీ అప్పు దాదాపు రెట్టింపు. అమ్మకాల మీద లాభం మొదటి దాంట్లో 24 శాతంలా కనబడుతుంది, రెండోదాంట్లో 20.

పదాలపిచ్చి: ఓహో. అయితే ఆ బయటివాళ్ల 60ని «మైనారిటీ వాటా» అనడం కూడా తప్పే కదా, ఇక్కడ 60 శాతం వాళ్లదే!

చిట్టాపద్దు: అందుకే ఇంగ్లిషులో కూడా ఆ పేరు వదిలేశారు. పెత్తనం లేని వాటా అనొచ్చు.

పదాలపిచ్చి: అర్థం సరే, కానీ పెత్తనం అన్న మాటలో కాస్త ఎత్తిపొడుపు ఉంది. ఆడిటర్ నివేదికలో «ఈ కంపెనీ మీద మా పెత్తనం ఉంది» అని రాస్తారా ఎవరైనా? నియంత్రణే నయం.

వార్తలడెస్క్: నియంత్రణ అంటే ట్రాఫిక్ నియంత్రణ గుర్తొస్తుంది నాకు. అదుపు?

సందేహంనాదే: నా గొడవ కూడా చెప్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఇలాంటి 40 శాతం కంపెనీ నుంచి డివిడెండు 20 వచ్చింది. ఆదాయంలో వేసేశాను. లాభంలో వాటా 40 ఎలాగూ వేశాం. మొత్తం 60 అయింది. ఆడిటర్ వచ్చి కూర్చోబెట్టి అడిగేదాకా తెలియలేదు, అప్పటి టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

చిట్టాపద్దు: చాలామంది చేసే తప్పే. ఆ డబ్బు మీరు ముందే లాభంగా చూపించిన దాంట్లోంచి చేతికొచ్చింది, కాబట్టి పెట్టుబడి పద్దులోంచి తగ్గాలి. పట్టుకోవడం తేలిక. ఏడాది మొదట్లో వాళ్ల నికర ఆస్తి 300, మీరు దాని విలువకే కొన్నారనుకోండి, మీ పద్దు 120. లాభం 40 కలిపి, డివిడెండు 20 తీస్తే 140. వాళ్ల వైపు 300కి లాభం 100 కలిపి, పంచిన 50 తీస్తే 350, అందులో 40 శాతం 140. కుదిరింది. మీ లెక్కలో 160 వచ్చుంటుంది, ఆ అదనపు 20 అదే.

సందేహంనాదే: అవును, సరిగ్గా అంతే తేడా! అయితే చివరికి మన లాభం రెండు పద్ధతుల్లోనూ ఎప్పుడూ ఒకటే అన్నమాట.

చిట్టాపద్దు: ఎప్పుడూ కాదు. మరుసటి ఏడు వాళ్లకు 400 నష్టం వచ్చిందనుకోండి. మన వాటా 160, పద్దులో ఉన్నది 140. ఈక్విటీ పద్ధతిలో 140 దగ్గర సున్నా అయి ఆగిపోతుంది. వాళ్ల అప్పుకు మనం హామీ ఇచ్చి ఉంటేనో, దీర్ఘకాలపు అప్పు ఇచ్చి ఉంటేనో తప్ప మిగతా 20 రాయం, విడిగా గుర్తుపెట్టుకుంటాం. తర్వాత లాభాలొస్తే ముందు ఆ 20 తీరాలి. పూర్తిగా కలిపితే ఆగడం ఉండదు, 400 నష్టమూ లోపలికొస్తుంది, మన వాటాదారుల మీద 160, బయటివాళ్ల మీద 240, వాళ్ల పద్దు సున్నా కిందికి పోయినా సరే.

షేర్లమామ: అంటే పెత్తనం లేదని చెప్పుకోవడమే లాభం అన్నమాట!

చిట్టాపద్దు: మామ ఈసారి గురి చూసి కొట్టాడు. ఎంచుకునే హక్కు కంపెనీకి లేదు, కానీ వాదించే అవకాశం మాత్రం ఉంటుంది. 45, 48, 49 అంకెలు కనిపిస్తే నేను ముందు బోర్డులో ఎవరెవరిని ఎవరు నియమిస్తారో చూస్తాను.

వార్తలడెస్క్: నా వాక్యం ఇలా మార్చి పంపేశాను. «అనుబంధ సంస్థలను పూర్తిగా కలిపి, సహచర సంస్థల లాభాల్లో వాటాను మాత్రం ఒక్క వరుసగా చేర్చి.» సబ్-ఎడిటర్ ఫోన్ చేసి, సహచర అంటే ఎవరికి తెలుస్తుంది, అనుబంధ అనే ఉంచెయ్ అంటున్నాడు.

పదాలపిచ్చి: సహ సంస్థ అని అడిగి చూడండి, రెండక్షరాలు తగ్గితే ఒప్పుకుంటాడేమో.