వంటగట్టుకు గ్రానైటా, క్వార్ట్జా, మార్బులా: నూనె, పసుపు ఎక్కువ వాడే ఇంటికి

కొత్తిల్లు_గుంటూరు: కాగే నూనె మూకుడు గట్టు మీదే దించుతాం. ఏటా ఆవకాయ కలిపేదీ అక్కడే. ఇంట్లోవాళ్లకేమో తెల్ల గట్టు కావాలి. ఈ మూడింట్లో ఏది వేయించాలి?

శ్రావణి_ఇంటీరియర్స్: క్వార్ట్జ్ వేయించండి. గ్రానైట్ భూమిలోంచి తీసిన రాయి, సన్నని రంధ్రాలుంటాయి. క్వార్ట్జ్‌లో రాతిపొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురుతో కలిపి గట్టిగా నొక్కుతారు, కాబట్టి నూనె లోపలికి దిగదు. రంధ్రాలు మూసే సీలర్ కొట్టే పనీ లేదు.

రాతిపని_ఒంగోలు: నూనె విషయంలో మీరన్నది నిజం, పసుపు దగ్గర కుదరదు. పసుపు రంగు నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. తాలింపు చిందినచోట రాత్రంతా వదిలేస్తే ఆ రంగు రెజిన్‌ని పట్టుకుంటుంది, తెల్ల క్వార్ట్జ్ మీద పచ్చగా నిలుస్తుంది. ఇంకోటి, వేపుడు నూనె 180 డిగ్రీల దాకా కాగుతుంది. రెజిన్ సుమారు 150 దాటితేనే దెబ్బతినడం మొదలవుతుంది. మూకుడు దించినచోట గుండ్రటి మచ్చ పడితే పాలిష్‌తో పోదు. మీ వాడకానికి గ్రానైటే మేలు.

భక్త_నెల్లూరు: మా పూజగది మార్బుల్ మీద రోజూ పసుపు పడుతుంది, తుడిస్తే పోతోంది. మార్బుల్‌ని ఎందుకు పక్కన పెడుతున్నారో అర్థం కాలేదు.

రాతిపని_ఒంగోలు: అక్కడ పడేది పొడి పసుపండీ, వెంటనే తుడిచేస్తారు. వంటగట్టు మీద చింతపండు పులుసు, నిమ్మరసం పడతాయి. మార్బుల్ సున్నపు రాయి, పులుపు తగిలిన కొన్ని నిమిషాల్లోనే పై మెరుపు తినేస్తుంది. అది మరక కాదు, రాయే కరిగింది. సీలర్ మరకను ఆలస్యం చేస్తుంది కానీ దీన్ని ఆపలేదు.

శ్రావణి_ఇంటీరియర్స్: మూకుడు కింద చెక్క పీట పెడితే వేడి గొడవ తీరుతుంది. అన్నింటికీ గ్రానైట్ అంటున్నారు, తెల్ల గ్రానైట్ సంగతి చెప్పరేం? కాశ్మీర్ వైట్ లాంటివాటిలో పొయ్యి పక్కన నూనె దిగి నల్లటి మచ్చ కట్టదా?

రాతిపని_ఒంగోలు: కడుతుంది. అందుకే తెల్ల గ్రానైట్ వద్దంటాను. చీమకుర్తి గెలాక్సీ లాంటి దట్టమైన నల్ల రాయి నూనె చాలా తక్కువ పీలుస్తుంది.

హరి_కూకట్‌పల్లి: నల్లదైతే ఏదైనా ఒకటే, చౌకది తీసుకోండి.

రాతిపని_ఒంగోలు: ఒకటే కాదు. బూడిదరంగు రాయికి నల్ల రంగు పట్టించి అమ్మేవాళ్లున్నారు. తెల్లగుడ్డకు అసిటోన్ అద్ది రుద్దండి, నలుపు అంటితే ఆ పలక వద్దు. ఏ రాయైనా సరే, మీరు కొనే పలకలోంచే ముక్క అడగండి. వేడి నూనెలో చిటికెడు పసుపు కలిపి ఒకవైపు, చింతపండు రసం ఇంకోవైపు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక కిటికీ వెలుగులో ఏటవాలుగా చూడండి. పసుపు తడి సబ్బుకి ఎర్రబడొచ్చు, కంగారొద్దు. నూనె మచ్చ ఉంటే ముదురుగా, పులుపు దెబ్బ ఉంటే మసకగా కనిపిస్తుంది.

శ్రావణి_ఇంటీరియర్స్: ముక్క మీద ఇదంతా చేసే ఓపిక ఎవరికుంది? మీరు నల్ల రాయి అమ్మకానికే మాట్లాడుతున్నారు.

రాతిపని_ఒంగోలు: నేను రాయి అమ్మను, కోసి బిగిస్తాను. పచ్చబడ్డ గట్టు చూసి బాధపడేవాళ్ల ఇళ్లకు వెళ్లేది నేను. పీట పెట్టండి, వెంటనే తుడవండి అని మీరు చెప్పి వచ్చేస్తారు. పండగనాడు నాలుగు పొయ్యిలూ వెలుగుతుంటే తుడిచేదెవరు?

శ్రావణి_ఇంటీరియర్స్: అసలు తేడా అక్కడే ఉంది. నల్ల రాయి మీద జిడ్డు కనిపించదు, కనిపించదు కాబట్టి తుడవరు. తెల్లదాని మీద కనిపిస్తుంది, తుడుస్తారు. చిన్న కిటికీ ఉన్న వంటింట్లో నల్ల గట్టు మీద బియ్యంలో రాయి కూడా కనపడదు. రోజూ అక్కడ నిలబడే మనిషికి వెలుగు కావాలి.

రాతిపని_ఒంగోలు: వెలుగు కోసం గోడకు తెల్ల టైల్ వేయండి, గట్టు మీదికి లైటు పెట్టండి. రాయిని మార్చక్కర్లేదు.

లలిత_రాజమండ్రి: తెల్ల క్వార్ట్జ్ మీద పసుపు మరక కొత్తదైతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన గుడ్డ కాసేపు పరిచి చూడండి, ముందు ఓ మూల. ఎండకి కూడా పసుపు వెలుస్తుంది, కానీ రోజూ ఎండపడేచోట రెజినే పచ్చబడుతుంది.

కొత్తిల్లు_గుంటూరు: పొయ్యి దగ్గర నాలుగడుగులు నల్ల గ్రానైట్, మిగతాది తెల్ల క్వార్ట్జ్ వేస్తే?

రాతిపని_ఒంగోలు: వేయొచ్చు. రెండు పలకల మందం ఒకటేనా అని ముందే కొలిపించండి, లేకపోతే అతుకు దగ్గర మెట్టు వస్తుంది. అతుకులో తెల్ల సిలికాన్ నింపనివ్వకండి, మొదట పచ్చబడేది అదే. నల్ల రంగు ఎపాక్సీ నింపమనండి. ఆవకాయ మాత్రం నల్ల వైపే కలపండి.

శ్రావణి_ఇంటీరియర్స్: అతుకు కంటికి బాగుండదు. నేనైతే మొత్తం ఒకే రాయి వేయిస్తాను.