అప్‌డేట్: మనవడి పుట్టినరోజు లెక్క తేలింది

నేను రాస్తున్న కథలో అవ్వ మనవడి పుట్టినరోజు దాకా క్యాలెండర్‌లో రోజూ ఒక తేదీ కొట్టేస్తుంది. దాని గురించి నా ప్రశ్న: "కావలి అవ్వ కథ, 2023. మనవడి తిథి శ్రావణ శుద్ధ పంచమి. క్యాలెండర్‌లో జూలైలోనే కనబడుతోంది. ఎన్ని రోజులు లెక్కపెట్టించాలి?"

అందరికీ థ్యాంక్స్. అధికమాసం చూడమన్న సలహాయే పనిచేసింది. ఆ ఏడు శ్రావణం రెండుసార్లు వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధికం, తర్వాత నిజం. పుట్టినరోజు నిజ శ్రావణంలోనే చేస్తారని పురోహితుడు కూడా చెప్పారు. అంటే ఆగస్టు 21, నాగపంచమి నాడు. అవ్వ జూలై 1 నుంచి రోజూ పడుకోబోయే ముందు తేదీ కొట్టేస్తే, ఆగస్టు 20 రాత్రికి 51 గీతలు. పొద్దున్నే కొట్టేస్తే పండగ రోజుదీ కలిసి 52 అవుతాయి, అక్కడే నా లెక్క తప్పింది. కథలో అవ్వ మొదట అధిక పంచమికే అరిసెల పిండి కొట్టించేస్తుంది, ఆ ఘట్టం అలాగే ఉంచాను.