అప్‌డేట్: స్క్రీన్‌షాట్ నుంచి కాంపొనెంట్ల జాబితా, అవుట్‌లైన్ కుదిరాయి

నా ప్రశ్న: "నెల్లూరు చీరల దుకాణం పేజీ స్క్రీన్‌షాట్‌లో 11 కాంపొనెంట్లు లెక్కకొస్తున్నాయి, హెచ్‌టీఎంఎల్ అవుట్‌లైన్ పొసగడం లేదు. ఎక్కడ తప్పు?"

సాయపడిన అందరికీ కృతజ్ఞతలు. స్క్రీన్‌షాట్‌ను ప్రింటు తీసి, బయటి పెట్టెల నుంచి లోపలికి గీతలు గీయమన్న సలహా ఫలించింది. ఎనిమిది చీరల కార్డులను, రెండింటిపై తగ్గింపు చీటీ ఉన్నందువల్ల, నేను విడివిడిగా లెక్కపెట్టాను. నిజానికి అవన్నీ ఒకే కార్డు, చీటీ ఐచ్ఛికం మాత్రమే. హెడర్, బ్యానర్, కార్డు, ఫుటర్ కలిపి నాలుగే తేలాయి.

రెండో పొరపాటు, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని ధరను శీర్షికగా రాయడం. ఇప్పుడు కార్డుల భాగం ఇలా ఉంది:

```html
<section>
  <h2>కొత్త చీరలు</h2>
  <ul>
    <li>
      <h3>వెంకటగిరి జరీ</h3>
      <p>ధర</p>
    </li>
  </ul>
</section>
```

ఎక్కువ రిజల్యూషన్‌తో మళ్లీ తీసిన స్క్రీన్‌షాట్, పిక్సెళ్ల కొలతలు ఈ దశలో అక్కరకు రాలేదు. ఫోనులో మెనూ ఎలా తెరుచుకోవాలో మాత్రం బొమ్మలో కనబడదు కనుక దుకాణం వారినే అడిగి రాసుకున్నాను.