కేరళ, బిహార్ మరణాల రేటు పోల్చడానికి ఏ ప్రామాణిక జనాభా తీసుకోవాలి?

జనన మరణాలపై కేంద్రం చేసే నమూనా సర్వే ఎస్ఆర్ఎస్ 2020 లెక్కల్లో వెయ్యి మందికి మరణాలు కేరళలో 7.0, బిహార్‌లో 5.4. పసిపిల్లల మరణాలు చూస్తే మాత్రం కేరళే చాలా మెరుగు. కేరళలో వృద్ధులు ఎక్కువ కాబట్టి, వయసుల తేడా చూడకుండా లెక్కించే ఈ ముడి రేటు పెరుగుతుందని అర్థమైంది.

ఊహించిన అంకెలతో లెక్క వేసి చూశాను. మొదటి రాష్ట్రంలో 60 దాటినవాళ్లు 8 శాతం. మరణాల రేటు వాళ్లలో వెయ్యికి 40, మిగతావాళ్లలో 2. ముడి రేటు 5.04 వచ్చింది. రెండో రాష్ట్రంలో వృద్ధులు 16 శాతం, రేట్లు 35, 1.5. ప్రతి వయసులోనూ మరణాలు తక్కువే, అయినా ముడి రేటు 6.86! రెండింటికీ ఒకే ప్రామాణిక జనాభా, అంటే వృద్ధులు 10 శాతమే అనుకుని మళ్లీ లెక్కిస్తే 5.8, 4.85 వచ్చాయి. వరుస తిరగబడింది.

ఇప్పుడు నా టెన్షన్ అసలు డేటా గురించి. 60 పైన అందరినీ ఒకే గుంపుగా కలిపితే, అందులో 80 దాటినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రానికి మళ్లీ అన్యాయం జరుగుతుంది కదా? ఐదేళ్ల గుంపులుగా 85 దాకా విడగొడితే చాలా? బరువులకు 2011 జనగణన వాడాలా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జనాభానా? రాష్ట్రాల వరుస దాన్నిబట్టి మారుతుందా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.