హామ్, సిగరెట్టు ఒకే గ్రూపులో ఉంటే రెండూ సమానమేనా?

బర్మింగ్‌హామ్ నుంచి ఒక తండ్రి

"మా అబ్బాయి స్కూలు డబ్బాలో వారానికి మూడు నాలుగు రోజులు హామ్ శాండ్‌విచ్ పెడుతున్నాం. హామ్, బేకన్, సాసేజ్‌లు సిగరెట్టుతో పాటు గ్రూప్ 1 క్యాన్సర్ కారకాల్లో ఉన్నాయని, మటన్ గ్రూప్ 2ఎలో ఉందని నిన్న చదివాను. అంటే హామ్ సిగరెట్టంత చెడ్డదా? మటన్ అందులో సగమా? ఆదివారం కూర కూడా మానేయాలా?"

రిజిస్ట్రీ లెక్కలు

నేను చాలా ఏళ్లు క్యాన్సర్ రిజిస్ట్రీలో గణాంకాలు చూసినవాడిని. ఈ గందరగోళం తరచుగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

2015 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పది దేశాల నుంచి 22 మంది శాస్త్రవేత్తలను కూర్చోబెట్టింది. వారు 800కు పైగా అధ్యయనాలు పరిశీలించారు. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ పదార్థం మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదని ఎంత గట్టిగా చెప్పగలం? ఎంత తింటే ఎంతమందికి వస్తుందన్నది గ్రూపును తేల్చే ప్రశ్న కాదు. హామ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసానికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంలో అనుమానం మిగలలేదు కాబట్టి అది గ్రూప్ 1లోకి వెళ్లింది. పొగాకు, మద్యం, ఎండ, మన వక్క కూడా అదే గ్రూపులో ఉన్నాయి. ఎండలో నిలబడటం, సిగరెట్టు తాగటం ఒకే స్థాయి ప్రమాదమని ఎవరూ అనరు గదా. హామ్ విషయమూ అంతే.

మీరు బ్రిటన్‌లో ఉన్నారు కనుక అక్కడి అంకెలతోనే చెబుతాను. ఆ ప్రకటన వచ్చిన రోజుల్లో బ్రిటన్‌లో వేసిన లెక్క ప్రకారం, ప్రాసెస్ చేసిన మాంసం బాగా తక్కువ తినే వెయ్యిమందిలో జీవితకాలంలో సుమారు 56 మందికి పెద్దపేగు క్యాన్సర్ వస్తుంది. రోజూ 50 గ్రాములు తింటే ప్రమాదం 18 శాతం పెరుగుతుందన్నది లియాన్ బృందం చెప్పిన అంకె. 50 గ్రాములంటే దాదాపు ఒక సాసేజ్. 56లో 18 శాతం పది. అంటే వెయ్యిమంది రోజూ, ఏళ్ల తరబడి తింటే 56 మంది 66 మంది అవుతారు. సిగరెట్టు దగ్గరికొస్తే శాతాలు కాదు, రెట్లు మాట్లాడాలి: పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివారి కన్నా 15 నుంచి 30 రెట్లు ఎక్కువ.

మీ అబ్బాయి డబ్బాలో రెండు పల్చటి హామ్ ముక్కలు 35 గ్రాములు ఉంటాయనుకుందాం. వారానికి మూడున్నర రోజులంటే రోజుకు సగటున 17, 18 గ్రాములు, అంటే 50లో మూడోవంతు. ఇలాగే జీవితాంతం తింటే, ముప్పు తూకానికి తగ్గట్టు సరళంగా పెరుగుతుందనుకుంటే, ఆరు శాతం పెరుగుతుంది. వెయ్యికి 56 కాస్తా 59 అవుతుంది. అయితే ఈ అధ్యయనాలన్నీ పెద్దవాళ్ల మీద చేసినవి. చిన్నప్పటి తిండికి ఇదే లెక్క వర్తిస్తుందని ఆధారంతో చెప్పలేను.

కూకట్‌పల్లి వంటిల్లు

అయితే మేము నిశ్చింతగా ఉండవచ్చు. మా ఇంట్లో ఫ్రీజర్‌లో ఉండేవి చికెన్ సాసేజ్‌లు, చికెన్ సలామీ మాత్రమే. చికెన్ మటన్ లాంటి ఎర్ర మాంసం కాదు కనుక ఈ రెండు జాబితాల్లోనూ రాదు. ఇంకో మాట: గ్రూప్ అంటే ఆధారం మాత్రమే అయితే ఇదంతా కాగితం మీది వ్యవహారం, మనకు హాని లేనట్టే కదా?

రిజిస్ట్రీ లెక్కలు

మొదటి మాటలో సగం నిజం ఉందండీ. కూర వండుకునే చికెన్ రెండు జాబితాల్లోనూ లేదు. కానీ ప్రాసెస్ చేసిన మాంసం అన్నప్పుడు జంతువును బట్టి కాదు, చేసిన పనిని బట్టి లెక్కిస్తారు: ఉప్పుపట్టించటం, నైట్రైట్ లాంటి లవణాలతో నిలవచేసే క్యూరింగ్, పులియబెట్టటం, పొగపట్టించటం లాంటివి చేస్తే కోడి మాంసం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. కాబట్టి చికెన్ సలామీ బయట లేదు. అయితే అధ్యయనాల్లో జనం తిన్నది ఎక్కువగా పంది, గొడ్డు మాంసంతో చేసినవే. చికెన్ సాసేజ్ ముప్పు ఎంతన్నది విడిగా తేలలేదు.

రెండో మాట ఒప్పుకోలేను. గ్రూపు ప్రమాదం ఎంతో చెప్పదు, కానీ ప్రమాదం లేదని కూడా చెప్పదు. ఆ సమయంలో ఉన్న అంచనా ప్రకారం ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా 34,000 క్యాన్సర్ మరణాలు సంభవిస్తున్నాయి. పొగాకు వల్ల కలిగేవి పది లక్షలు. తేడా చాలా పెద్దది, అయినా 34,000 చిన్న సంఖ్య కాదు.

నిజామాబాద్ కోడలు

మటన్ సంగతి కూడా కొంచెం చెప్పండి సార్. 2ఎ అంటే 'బహుశా' అని రాస్తున్నారు. బహుశా అంటే ఎన్ని పాళ్లు? మా అత్తమ్మ ప్రతి ఎండాకాలం ఒట్టి తునకలు చేస్తారు. మటన్‌ను పొడుగ్గా కోసి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, దారానికి గుచ్చి, మిద్దె మీద తీగకు ఆరేస్తారు. నాలుగైదు రోజుల ఎండకు అవి తాడులా గట్టిపడతాయి. వానాకాలంలో తీసి నిప్పుల మీద కాల్చి, దంచి, కూర చేసుకుంటాం. ఇవి ఏ గ్రూపులోకి వస్తాయి?

రిజిస్ట్రీ లెక్కలు

అమ్మా, ముందు 'బహుశా' సంగతి చెబుతాను. దానికి 70 శాతమో 80 శాతమో అనే కొలత లేదు. ఎర్ర మాంసం విషయంలో జనాభా అధ్యయనాల్లో సంబంధం కనిపించింది కానీ నిలకడగా కనిపించలేదు. కొన్ని మంచి అధ్యయనాల్లో స్పష్టంగా లేదు. పైగా పశ్చిమ దేశాల్లో ఎర్ర మాంసం ఎక్కువ తినేవారిలో చాలామంది బేకన్ కూడా ఎక్కువ తింటారు, పీచు తక్కువ తింటారు, కొందరు పొగ కూడా తాగుతారు. వీటిలో దేని వల్ల ఏది జరిగిందో విడదీయటం కష్టం. ఆ ఒక్క కారణంతోనే అయితే మటన్ ఇంకా కింది మెట్టులో ఉండేది. కానీ శరీరంలో జరిగే మార్గం గట్టిగా దొరికింది. కేంబ్రిడ్జ్‌లో షీలా బింగ్‌హామ్ బృందం వాలంటీర్లకు కొలిచి ఆహారం పెట్టినప్పుడు, ఎర్ర మాంసం ఎక్కువ తిన్న రోజుల్లో వారి మలంలో క్యాన్సర్ కలిగించగలవని భావించే నైట్రోసో సమ్మేళనాలు పెరిగాయి, కోడి, చేపలు తిన్నప్పుడు పెరగలేదు. మాంసానికి ఎరుపునిచ్చే హీమ్ ఇనుము ఇందులో పెద్ద పాత్ర వహిస్తుందని తర్వాత తేలింది. జనాభాలో పరిమితమైన ఆధారం, శరీరంలో గట్టి మార్గం, ఈ రెండూ కలిసి 2ఎ అయ్యింది. నిజంగా మాంసమే కారణమైతే రోజుకు 100 గ్రాములకు 17 శాతం పెరుగుదల అని లియాన్ బృందం షరతుతోనే చెప్పింది. ఆ 'అయితే'ను వార్తలు వదిలేశాయి. ఎర్ర మాంసంలో గొడ్డు, పంది, గొర్రెతో పాటు మన మేక కూడా ఉంది.

ఒట్టి తునకల గురించి నాకు తెలిసినంత నిజాయితీగా చెబుతాను. ఉప్పు పట్టించి నిలవ చేసినవి కనుక అక్షరాలా చూస్తే నిర్వచనంలోకి వస్తాయి. కానీ హామ్, బేకన్‌లలో కలిపే నైట్రైట్ వీటిలో కలపరు, తినే పరిమాణమూ వేరు. నిప్పుల మీద నల్లగా మాడ్చితే పుట్టే పదార్థాలు మాత్రం అందరికీ సమానమే. హామ్‌కు వేసిన 18 శాతాన్ని తెచ్చి మీ మిద్దె మీది తీగకు తగిలించటం సరికాదు.

మాంచెస్టర్ బావ

నాది కొంచెం వేరే సంగతి. మా తమ్ముడికి 44 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ అని ఈ ఏడాది తేలింది. పదేళ్లుగా ప్రతి ఉదయం బేకన్ తినేవాడు. మా మరదలు తన చేత్తో వేయించి పెట్టానని రోజూ ఏడుస్తోంది. గ్రూప్ 1 అన్న మాట చదివిన దగ్గర నుంచి ఇక ఆమెను ఆపలేకపోతున్నాం. నిశ్చితమైన కారకం అంటే అదే కారణమని కదా అర్థం?

రిజిస్ట్రీ లెక్కలు

బావగారూ, మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. మీ మరదలు గారికి ఈ లెక్క మీ మాటల్లో చెప్పండి. పైన రోజూ తినే వెయ్యిమందిలో 66 మందికి జబ్బు వస్తుందన్నాను. వారిలో 56 మందికి ఆ మాంసం ముట్టకపోయినా వచ్చేదే. పది మందికే అది తోడైంది, అంటే జబ్బుపడ్డ ఆరేడుగురిలో ఒకరికి. ఆ ఒక్కరు ఎవరో ఏ పరీక్షా చెప్పలేదు. 'నిశ్చితం' అన్న మాట ఆ పదార్థం గురించి చెప్పినది, మీ తమ్ముడి జబ్బు గురించి కాదు. పైగా 50 ఏళ్ల లోపే వచ్చిన జబ్బు కాబట్టి, వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్నది ఆయన డాక్టరును తప్పక అడగండి. అది మీకు, ఆయన పిల్లలకు కూడా పనికొచ్చే ప్రశ్న.

విజయవాడ అధ్యాపకుడు

ఇంత నమ్మకంగా చెప్పటానికి నాకు మనసొప్పటం లేదు. 2019లో అమెరికాలోని అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో 14 మంది నిపుణుల బృందం పెద్దవాళ్లు ఇప్పటిలాగే తినవచ్చని సూచించింది. ఆధారం బలహీనమన్నదే వారి వాదన. మనం ఎవరిని నమ్మాలి?

రిజిస్ట్రీ లెక్కలు

మంచి ప్రశ్న వేశారు. ఆ 14 మందిలో ముగ్గురు ఆ సూచనతో విభేదించారు, సూచన కూడా బలహీనమైనదేనని వారే రాశారు. వారు చూసిన అంకెలు లియాన్ వారి అంకెలకు మరీ దూరంగా లేవు. తేడా కొలిచే తూకంలో ఉంది. వారు వాడిన పద్ధతిలో మనుషులను గమనించి చేసిన అధ్యయనం ఎంత పెద్దదైనా మొదట్లోనే తక్కువ మార్కులతో మొదలవుతుంది. మందులకు అది సబబే. కానీ కొందరికి ముప్పై ఏళ్లు బేకన్ పెట్టి, మరికొందరికి పెట్టకుండా ప్రయోగం ఎవరు చేస్తారు? సిగరెట్టు విషయంలోనూ అలాంటి ప్రయోగం జరగలేదు. నా మొగ్గు లియాన్ వైపే. కానీ ఎర్ర మాంసం విషయంలో మీ సందేహాన్ని కొట్టిపారేయను.

విజయవాడ అధ్యాపకుడు

సిగరెట్టు పోలికను అంగీకరించలేను. అక్కడ ముప్పు పదిహేను రెట్లు కాబట్టి పరిశీలన చాలు. 18 శాతం లాంటి చిన్న తేడాను, మీరే చెప్పిన పీచు, పొగ లాంటి ఇతర అలవాట్లు తేలికగా పుట్టించగలవు. ఈ విషయంలో మనం ఏకీభవించేలా లేము.

బర్మింగ్‌హామ్ నుంచి ఒక తండ్రి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం మటన్ ఉంచుతున్నాం. అది మా నలుగురికీ కలిపి అరకిలో. హామ్ డబ్బాను వారానికి ఒక రోజుకు తగ్గించి, మిగతా రోజుల్లో గుడ్డు, శనగలు పెట్టాలని మా ఆవిడ అంటోంది. వాడు హామ్ అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

నిజామాబాద్ కోడలు

మా అత్తమ్మకు ఇదంతా చదివి వినిపించాను. నిప్పుల మీద మాడ్చకుండా పెనం మీద సన్నటి సెగకు వేడి చేస్తే రుచి పోతుందా అని అడిగారు. ఈ వానాకాలం ఒక గిన్నెడు అలా చేసి చూస్తాం.